2 టీబీ అని అమ్మిన ఎస్‌ఎస్‌డీలో 128 జీబీ కార్డు: హన్మకొండ, వరంగల్ వీడియోగ్రాఫర్లు చూసుకోండి

షాపు పేరు రాయను. మనలో చాలామంది కార్డులు, బ్యాటరీలు కొనేది అక్కడే. పెళ్లి సీజన్ అని రెండు 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు తెచ్చాను. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని రెండు. పరకాల పెళ్లిలో కార్డు నిండినప్పుడల్లా రెండింట్లోకీ కాపీ చేసి, కార్డు ఫార్మాట్ చేసి కెమెరాలో పెట్టాం.

ఇంటికొచ్చి తెరిస్తే ఎదురుకోళ్ల దాకా బాగానే ఉంది. జీలకర్ర బెల్లం నుంచి ఒక్క క్లిప్పూ తెరుచుకోవడం లేదు. పేర్లు, సైజులు, టైములు అన్నీ సరిగ్గా ఉన్నాయి, లోపల మాత్రం మొత్తం సున్నాలే. రెండో డ్రైవ్‌లోనూ సరిగ్గా అక్కడి నుంచే పోయింది. పుస్తె కట్టింది లేదు, తలంబ్రాలు లేవు. చివరి కార్డులు ఫార్మాట్ కాలేదు కాబట్టి అప్పగింతలు మిగిలాయి.

పెట్టె విప్పితే చిన్న బోర్డుకు ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, బరువు తెలియడానికి అంటించిన ఇనుప ముక్క! ఉన్నది 128 జీబీ. కంప్యూటర్‌కు 2 టీబీ అని చెప్పేలా దాని చిప్‌ను మార్చారు. ఫైళ్ల పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు కనబడతాయి. 128 దాటాక వచ్చిన డేటాను రాసినట్టే చూపించి వదిలేస్తుంది. 100 ఎంబీపీఎస్ 4కేలో కెమెరాకు గంటకు 45 జీబీ. రెండు కెమెరాలకు 128 జీబీ గంటన్నర కూడా రాదు.

విప్పిన డ్రైవ్ పట్టుకుని షాపుకు పోయాను. పెళ్లికూతురు అన్న కూడా వచ్చాడు. ఓనర్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ఫోన్ చూస్తూనే, "సీల్ తీసినంక వాపస్ లేదు తమ్మీ. నీకు కాపీ చేసుడు రాకపోతే నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆ అబ్బాయి అప్పటిదాకా షాపు మీద కోపంగా ఉన్నవాడు, ఆ మాటతో నా వైపు తిరిగి, "అంటే తప్పు నీదేనా అన్నా?" అని అడిగాడు. చెల్లె పెళ్లి పోగొట్టుకున్నవాడి ముందు నన్ను దొంగను చేశాడు ఆ మనిషి. డబ్బు వాపస్ ఇవ్వకపోయినా ఇంత మండేది కాదు.

కొత్త డ్రైవ్ ఏదైనా సరే, షూట్‌కు ముందు H2testw అనే ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చదివించండి. నకిలీ అయితే "The media is likely to be defective." అని వస్తుంది. 2 టీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. రెండో కాపీ వేరే కంపెనీది, వేరే షాపులో కొన్న మామూలు హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. కాపీ అయ్యాక డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, చివరి క్లిప్పులు ప్లే చేయండి. కార్డు ఫార్మాట్ ఆ తర్వాతే.