కాళ్ళాగజ్జెనా, ‘ఒకటీ ఓ చెలియా’నా: చిన్నపిల్లలకు లెక్క నేర్పడానికి ఏది మేలు?

పరకాల దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మా దగ్గర ఒక నాలుగేళ్ల పాప ‘ఒకటీ ఓ చెలియా, రెండు రోకళ్ళు’ పాటను పది దాకా తడబడకుండా పాడుతుంది. పాపకు లెక్క వచ్చేసిందని వాళ్ల అవ్వ ఎంతో సంబరపడేది. ఒకరోజు ఆరు చింతగింజలు వరుసగా పెట్టి, "ఎన్నున్నయి బిడ్డా?" అని అడిగాను. "ఒక" అంటూ ఒక గింజ ముట్టుకుంది, "టి" అంటూ ఇంకోటి. రెండు, మూడు సరిగానే వచ్చాయి. "నాలు" దగ్గర ఐదో గింజ, "గు" దగ్గర ఆరోది. గింజలు అయిపోయాయి. "నాలుగు టీచర్!" అంది.

పాపకు అంకెల పేర్లు తెలుసు, వరుస తెలుసు. ఒక పేరుకు ఒకే గింజ అన్నది మాత్రం తెలియదు. మన అంకెల్లో ఏడు రెండక్షరాలు, ఎనిమిది నాలుగక్షరాలు. వేలు అక్షరాల వెంట పోతే లెక్క తప్పుతుంది. ఇంకొందరు పిల్లలకు ఇది తిరగబడుతుంది. నోరు ముందు పరుగెత్తి, నాలుగు గింజలకే "ఏడు" అంటారు. పాట ఎంత బాగా వచ్చినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే పాడేటప్పుడు చేతికి పనే లేదు.

అందుకే నేను ముందు కాళ్ళాగజ్జె ఆడిస్తాను. నలుగురు పిల్లలు కాళ్లు చాపి వరుసగా కూర్చుంటారు. ‘కాళ్ళాగజ్జె కంకాలమ్మ, వేగుచుక్క వెలగమొగ్గ’ అంటూ దరువుకు ఒక కాలు చొప్పున ముట్టుకుంటూ పోవాలి. ఏ కాలూ వదలకూడదు, ఏ కాలునూ రెండుసార్లు ముట్టకూడదు. పొరపాటు జరిగితే పిల్లలే ఊరుకోరు, "నా కాలు ఇడిసిపెట్టినవ్" అని గొడవ చేస్తారు. పాట ఆగిన కాలు ముడుచుకోవాలి.

ఈ పాటలో ఒక్క అంకె కూడా లేదు. ఆ లోటు మనమే తీర్చాలి. పాట మొదలుపెట్టే ముందు అదే దరువుతో కాళ్లు లెక్కపెడతాము. "ఎనిమిది" అన్న మాట మొత్తం ఒక్క తట్టులో పడాలి. ఒక కాలు ముడిచాక, లెక్కపెట్టకుండా "ఇంకెన్ని కాళ్లు?" అని అడుగుతాను. ఎవరో ఒకరు "ఏడు" అంటారు, తర్వాత ముట్టుకొని చూసుకుంటాము. మూడు నాలుగు కాళ్లు ముడిచాక ఆపేస్తాను. ఎనిమిది కాళ్లూ ముడిచేదాకా సాగదీస్తే ముందే కాళ్లు ముడిచినవాళ్లు లేచిపోతారు. ఐదుగురి కంటే ఎక్కువమంది కూర్చున్నా అంతే.

ఇంకో సంగతి. పిల్లల్నే లెక్కపెట్టమంటే "ఒకరు, ఇద్దరు, ముగ్గురు" అనాలి, అది వేరే వరుస. రెండూ ఒకేరోజు కలిపితే పిల్లలు తికమకపడతారు. మొదట్లో కాళ్లనే లెక్కపెట్టించండి.

మూడేళ్ల పిల్లలకు కాళ్ళాగజ్జె కూడా పెద్దదే. వాళ్లకు ‘తిందాం తిందాం ఒక వేలు’ మేలు. చిటికెన వేలు నుంచి బొటనవేలు దాకా ఒక్కో పంక్తికి ఒక్కో వేలు, ఐదుతో అయిపోతుంది.

శరీర భాగాల దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు. కాళ్ళాగజ్జెలో ముట్టుకునేది కాళ్లను మాత్రమే. ‘తల, భుజాలు, మోకాళ్లు’ అని ఎగురుతూ పాడే పాటలోనే ఎక్కువ పేర్లు వస్తాయి. కానీ అక్కడా పిల్లలు చెవితో వినరు, మన చేతిని చూసి చేస్తారు. నేను "చెవి" అంటూ కావాలనే ముక్కు పట్టుకుంటాను. సగం మందికి పైగా ముక్కే పట్టుకుంటారు. పేరు తెలిసిన పిల్ల నా వైపు వింతగా చూసి చెవి పట్టుకుంటుంది. ఇంకా, మా పిల్లలకు ఇంట్లో తల అంటే ‘నెత్తి’. మొదటి వారం నెత్తి అనే పాడిస్తాను, తర్వాత నెత్తి, తల రెండూ కలిపి పాడిస్తాను. నెత్తి అన్న పిల్లను తప్పని సరిదిద్దితే ఆ పిల్ల ఆ రోజంతా నోరు విప్పదు, నేను చూశాను.

‘ఒకటీ ఓ చెలియా’ను నేను వదిలేయలేదు. పది దాకా వరుస నోటికి రావడానికి అంత హాయైన పాట నాకు దొరకలేదు. కాకపోతే ముట్టుకొని లెక్కపెట్టడం వచ్చాకే పాడిస్తాను, ఒక్కో అంకెకు ఒక్కో గింజ డబ్బాలో వేయిస్తూ.

రెండు వారాలు కాళ్ళాగజ్జె ఆడాక ఆ పాప ముందు మళ్లీ ఆరు గింజలు పెట్టాను. "నాలుగు" అనేటప్పుడు వేలు గింజ మీదే ఆపి, మాట అయిపోయాక పక్క గింజకు జరిపింది. ఆరు అంది. తర్వాత చాలా గింజలు కుప్పపోసి "నాకు మూడియ్యి" అంటే గుప్పెడు తీసి పెట్టింది. ఆ పని ఇంకా మిగిలే ఉంది.