దమ్ము నీరు మిగులుస్తుందా, తాగేస్తుందా?

కాలువ వదిలిన ప్రతిసారీ మా పక్క చేను బాబాయ్ అడిగేది ఒక్కటే. “దమ్ముకే ఇంత నీరు పోతోంది కదరా, పొడి దుక్కిలో విత్తేస్తే పోలా?”

అందులో సగం నిజం ఉంది. వరి నాటే ముందు మడి నానబెట్టి, బురదయ్యేలా కలియదున్ని దమ్ము పట్టేసరికి 150 నుంచి 250 మిల్లీమీటర్ల నీరు ఖర్చవుతుంది. 200 అనుకుంటే ఎకరాకు ఎనిమిది లక్షల లీటర్లు. ఇది ముందుగా పెట్టిన అప్పు. తీరేదీ లేనిదీ నేలే చెబుతుంది.

గోదావరి ఒడ్డు ఇసుక పాలు నేలలో రోజుకు 10 మిల్లీమీటర్లకు పైగా ఇంకిపోవచ్చు. దమ్ము దాన్ని 5 తగ్గించినా 90 రోజుల్లో 450 మిల్లీమీటర్లు మిగులుతాయి. అక్కడ దమ్ము మానకూడదు. లోపలి నల్లరేగడి ఎలాగూ నీరు వదలదు. రోజుకు ఒక మిల్లీమీటరు తగ్గినా మిగిలేది 90, అంటే అప్పులో సగం కూడా తీరదు. కాకపోతే ఎండాకాలం నెర్రెలిచ్చిన రేగడికి సార్వా ముందు నేరుగా నీరు పెడితే, అది నెర్రెల్లోంచి సరాసరి కిందికి దిగిపోతుంది. ముందు పైపైన ఒక పొడి దుక్కి దున్ని, ఆ మట్టితో నెర్రెలు పూడ్చి, ఆ తర్వాతే నీరు పెట్టాలి.

ఇక అడుగు గట్టి పొర సంగతి. ఏటా దమ్ము చక్రాలు తొక్కడంతో జానెడు లోతున ఏర్పడే ఈ పొర నుంచే నీరు పోతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటిని ఆపేది అదే. నీరు పోయేది ఆ పొర లేని చోట, అంటే గట్టు కింద. చక్రం అక్కడ తొక్కదు. మడిలో నీరు అడ్డంగా గట్టులోకి చేరి, అక్కడి నుంచి కిందికి జారుతుంది.

పోయిన దాళ్వాలో ఇది కొలిచి చూశాను. రెండు వైపులా మూతలు కోసేసిన డ్రమ్మును గట్టి పొరలోకి దిగేలా కొట్టి, లోపలా బయటా ఒకే మట్టానికి నీరు ఉంచి, పక్కన గుర్తు పుల్ల పాతాను. రాత్రి ఆవిరి నామమాత్రం కాబట్టి సాయంత్రం, తెల్లవారి చూశాను. డ్రమ్ములో 1 మిల్లీమీటరు తగ్గింది, బయట 7. ఆ తేడా 6 గట్టు దారినే పోయింది. ఎకరాకు ఒక్క రాత్రికి 24 వేల లీటర్లు! మురుగు కాలువ వైపు గట్టు చెక్కి, ఎండ్రకాయ బొక్కలు తొక్కి, బురద మెత్తాక మళ్లీ చూస్తే బయట 3కు వచ్చింది, డ్రమ్ములో అదే 1.

పొడి విత్తుకు కలుపు బెడద ఎక్కువ, సార్వాలో తొలి వాన అందితేనే కుదురుతుంది. విత్తనం వేసే డ్రమ్ సీడరైతే ఎలాగూ దమ్ము పట్టిన మడిలోనే నడవాలి.

రేగడిలో నా మొగ్గు తేలిక దమ్ముకే. ఈ సార్వాకు ఒక పొడి దుక్కి, చక్రాలతో ఒక్క చాలు దమ్ము. మిగిలిన డీజిల్ డబ్బు గట్ల కూలీలకు పెడుతున్నాను. బాబాయ్ చేలోనూ అదే డ్రమ్ము దించి చూద్దామని చెప్పాను.