డర్క్‌హైమా, మడి–మైలా, సందర్భమా: రొట్టెల పండుగ మీద రాసేటప్పుడు ఏది మేలు?

నెల్లూరులో సోషియాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ముందు రొట్టెల పండుగ పేరే చెబుతారు. కోరిక తీరినవాళ్లు చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లకు రొట్టె ఇచ్చే పండుగ అది. అది జరిగే బారాషహీద్ దర్గా పక్కనే ఉంది, స్వర్ణాల చెరువు కళ్ల ముందే ఉంది కాబట్టి అది సహజమే. మొదటి అధ్యాయం మొదలుపెట్టగానే మాత్రం అందరూ ఒకే ప్రశ్న పట్టుకొస్తారు: ‘సార్, పవిత్రం, లౌకికం అని డర్క్‌హైమ్ చెప్పినట్టు విడదీసి రాయాలా? శ్రీనివాస్ మడి–మైల తీసుకోవాలా? ఆ విభజనే పనికిరాదన్న వాళ్ల మాట పట్టుకోవాలా?’ విడివిడిగా చెప్పిన జవాబునే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్. మతం మీద 1912లో వచ్చిన పుస్తకంలో ఆయన పవిత్రానికి పెట్టిన గుర్తు భక్తి కాదు, నిషేధం. దేన్ని ముట్టకూడదో, దేని దగ్గరికి అందరూ పోకూడదో, అది పవిత్రం. మిగిలినదంతా లౌకికం. ఈ రెంటి మధ్య తేడా సంపూర్ణమైనదని, మంచికీ చెడుకీ ఉన్న తేడా కూడా అంత లోతైనది కాదని ఆయన వాదం. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. శవాన్ని, పురుడునీ మైల కాబట్టి లౌకికం కింద వేసేస్తారు. డర్క్‌హైమ్ లెక్కలో అవి కూడా పవిత్రం వైపే ఉంటాయి, ఎందుకంటే వాటి చుట్టూ నిషేధాలున్నాయి. రాబర్ట్‌సన్ స్మిత్ దగ్గర తీసుకున్న ఆలోచన అది: పవిత్రంలోనే మేలు చేసేదీ, కీడు చేసేదీ రెండూ ఉంటాయి.

ఆయన ముఖ్య ఉదాహరణ ఆస్ట్రేలియాలోని అరుంట జనం దాచుకునే చురింగాలు. చెక్కతోనో రాతితోనో చేసినవి. ఆడవాళ్లు, దీక్ష కాని కుర్రవాళ్లు వాటిని చూడకూడదు. అవి దాచిన చోట వేట జంతువును కూడా చంపరు. మామూలు చెక్కకూ దీనికీ తేడా ఏమిటంటే, దాని మీద గీసిన గోత్ర చిహ్నమే అంటాడు డర్క్‌హైమ్. ఆయన ఆస్ట్రేలియాకు పోలేదు, స్పెన్సర్, గిలెన్ రాసిన దాని మీద ఆధారపడ్డాడు. అయినా చురింగా విషయంలో పవిత్రానికీ లౌకికానికీ మధ్య ఆయన పెట్టిన గీత బాగానే కుదురుతుంది.

ఇప్పుడు చెరువు గట్టుకు వద్దాం. ఒక సంతానం రొట్టె వెంట నడిచి చూడండి. నిరుడు రొట్టె పుచ్చుకున్న ఆవిడకు బిడ్డ పుట్టింది, మొక్కు తీర్చడానికి ఈ మొహర్రానికి వచ్చింది. ఆ రొట్టె ఇంట్లో పెనం మీద కాల్చి తెచ్చింది కావచ్చు, గట్టు మీద కొన్నదీ కావచ్చు. డబ్బిచ్చి కొన్నంత మాత్రాన ఎవరూ తప్పు పట్టరు. దాని మీద ఏ గుర్తూ లేదు. సంచిలో దువ్వెన, నీళ్ల సీసాల మధ్యనే ఉంటుంది. ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని నీళ్లలో దిగి ‘సంతానం రొట్టె’ అంటుంది. కోరిక ఉన్న ఇంకొకావిడ కొంగు పట్టి తీసుకుంటుంది, తింటుంది. రొట్టె అయిపోయింది. కోరిక నెరవేరితే మళ్లీ రొట్టె తేవాలన్న బాధ్యత మాత్రం మిగిలింది.

నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? పెనం మీద లేదు, సంచిలో లేదు. నీళ్లలో నిలబడి ఇచ్చి పుచ్చుకున్న ఆ కొద్దిసేపే దాన్ని వేరేగా చూశారు. ఆ తర్వాత దాచుకోవడం లేదు, దగ్గరికి రావద్దనడం లేదు. తినేశారు. చురింగాకు వర్తించిన గీతను దీనికి వర్తింపజేయాలంటే రొట్టె చరిత్రలో ఒక చిన్న ముక్కనే చూసి, ముందూ వెనకా వదిలేయాలి.

ఈ ఇబ్బందినే ఫీల్డుకు పోయినవాళ్లు ముందుగా పట్టుకున్నారు. సూడాన్‌లో అజాండే జనం మధ్య ఉన్న మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ 1965లో దీని గురించి సూటిగా రాశాడు. వాళ్ల వాకిట్లో పితృదేవతల గుడి లాంటి ఒక కట్టడం ఉంటుంది. నైవేద్యం పెట్టే వేళ దానికి మర్యాద. మిగతా రోజుల్లో ఈటెలు దానికే ఆనిస్తారు, లేదా అసలు పట్టించుకోరు. వస్తువు ఒక్కటే, సందర్భాన్ని బట్టి మర్యాద వస్తుంది, పోతుంది. ఇక స్టానర్ అయితే డర్క్‌హైమ్ సొంత నేల మీదే, అంటే ఆస్ట్రేలియా ఆదివాసుల మధ్యే, ఏళ్ల తరబడి పనిచేసినవాడు. చూసిన వాస్తవాలను వంచితే తప్ప ఈ విభజన అక్కడ కుదరదని 1967లో తేల్చాడు. నాకు అన్ని విమర్శల్లోకీ బరువైనది ఇదే.

మడి–మైల సంగతి వేరు. మన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కొడగు మీద రాసిన పుస్తకంలో రెండు గళ్లు కాదు, మూడు స్థితులు చూపించాడు. ఒక పక్క మడి, ఇంకో పక్క మైల, మధ్యలో మామూలు స్థితి. ఇది మన ఇళ్లకు చాలా దగ్గర. తడిబట్ట ఆరేసి, మడి కట్టుకుని ఆవకాయ జాడీ తీసే పెద్దావిడ, బడి నుంచి వచ్చిన మనవడు తగిలితే మామూలు స్థితికి దిగిపోతుంది, మళ్లీ స్నానం చేసి పైకి వెళ్తుంది. స్థితి మారడం, మారిన స్థితిని తిరిగి తెచ్చుకోవడం ఇందులో సహజంగా ఇమిడిపోతాయి. డర్క్‌హైమ్ కంటే ఇది ఎక్కువ సాగుతుంది. ఇంట్లో వంట, తద్దినం, పురుడు, గుడి లోపలి సేవ మీద రాసేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

స్వర్ణాల చెరువులో మాత్రం ఇది నిలవదు. మడి లెక్కలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది వేరేవాళ్ల చేతి వంట. చెరువులో తినేది సరిగ్గా అదే, ఎవరో తెలియని మనిషి ఇచ్చిన రొట్టె. ఎవరు కాల్చారు, ఏ కులం, ఏ మతం అని అడగడం అక్కడి పద్ధతి కాదు. అడిగేది ఒక్కటే: ఇది ఏ రొట్టె, ఉద్యోగమా, పెళ్లా, చదువా? హిందువులు, ముస్లిములు అదే నీళ్లలో నిలబడతారు. మడి–మైలతో ఈ పండుగ రాయబోతే, ‘అక్కడ మడి లేదు’ అన్న ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతాం. ఆ వాక్యం నిజమే, కానీ ఏముందో చెప్పదు.

మతాల చరిత్ర రాసిన మిర్చా ఎలియాడ్‌ను కూడా చేర్చమంటారు కొందరు. దైవం ఒకచోట ప్రత్యక్షమై ఆ స్థలాన్ని వేరు చేస్తుందన్నది ఆయన మాట. దర్గా పుట్టుక కథ చెప్పడానికి కొంత ఉపయోగం, రొట్టెకు లేదు. ఈ విభజన లేని సమాజాలు ఉన్నప్పుడు దాంతో మతాన్ని నిర్వచించకూడదని మానవశాస్త్రవేత్త జాక్ గూడీ 1961లో అన్నది ఒక పేరాలో చెబితే చాలు.

కాబట్టి ఈ పండుగకు నా ఓటు సందర్భానికే. ఒక చిక్కు మాత్రం ఉంది. అంతా సందర్భమే అనేస్తే, ఏ సందర్భంలోనూ మామూలుగా మారనివి కనిపించకుండా పోతాయి. దర్గా లోపలి సమాధులు అలాంటివే. పండుగ లేని రోజున కూడా వాటికి ఎవరూ గొడుగు ఆనించరు. అక్కడ డర్క్‌హైమ్ గీత నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఇంకోటి, పండుగ అయిన మర్నెల అదే చెరువులో అదే రొట్టె ఇస్తే దానికి ఆ విలువ రాదు. జనం కూడినప్పుడే వస్తుంది. కూడిన జనం బలమే పవిత్రాన్ని పుట్టిస్తుందని డర్క్‌హైమ్ చెప్పిన సగం, రెండు గళ్లతో సంబంధం లేకుండానే నిలబడుతుంది. విమర్శకులను చదివి ఆ సగాన్ని కూడా పారేసే పిల్లలున్నారు. అది చేయొద్దు.

ఫీల్డు నోట్సులో ‘పవిత్రం’, ‘లౌకికం’ అని రెండు కాలమ్స్ గీయకండి. ఒక్కో వస్తువుకు ఒక పేజీ ఇచ్చి, అది ఎవరి చేతిలో ఉంది, అప్పుడు ఎవరు ముట్టొచ్చు, ఎవరు ముట్టకూడదు, ఆ వద్దన్నది ఎప్పుడు మొదలై ఎప్పుడు తీరింది అన్నది వరుసగా రాసుకోండి. రొట్టె పేజీలో ఆ వద్దన్నది నాలుగు వరుసల్లో ముగుస్తుంది. సమాధి పేజీలో ముగియదు. ఏ పేజీకి ఎవరి సిద్ధాంతం వాడాలో ఆ తర్వాత నన్ను అడగక్కర్లేదు.