ఫైర్ పాలసీ, మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ, ఏఎంసీ: చిన్న వర్క్‌షాపుకి ఏది మేలు?

బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే నాలుగు సీఎన్‌సీ మెషిన్లు పెట్టుకుని జాబ్‌వర్క్ చేసే యూనిట్‌ని తీసుకుందాం. బ్యాంకు లోను ఉంటుంది కాబట్టి ఫైర్ పాలసీ ఎలాగూ ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే "ఉందండీ, బ్యాంకు వాళ్లే కట్టించారు" అంటారు యజమాని. ప్రీమియం ఏటా పోతుంది, కాగితాలు ఫైల్లో ఉంటాయి. టూల్‌ని పట్టుకుని తిరిగే స్పిండిల్ పట్టేసిన రోజున ఆ ఫైల్ తీసి చూస్తే, అందులో అగ్నిప్రమాదం, తుఫాను, వరద గురించి ఉంటుంది గానీ స్పిండిల్ ఊసే ఉండదు.

ఇలాంటి యూనిట్ ముందు మూడు దారులున్నాయి. ఫైర్ పాలసీతో సరిపెట్టుకోవడం ఒకటి. దానికి తోడు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ తీసుకోవడం రెండోది. ఆ ప్రీమియం డబ్బును ఏడాది నిర్వహణ ఒప్పందానికి, అంటే ఏఎంసీకి, సొంత రిపేరు నిధికి మళ్లించడం మూడోది.

ఫైర్ పాలసీ ఎక్కడిదాకా వస్తుంది

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న పరిశ్రమలకు రెండు ప్రామాణిక పాలసీలు వచ్చాయి. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపైతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు అయితే భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. మంటలు, పిడుగు, తుఫాను, వరద లాంటివి వీటిలోకి వస్తాయి.

కానీ కరెంటు సామాన్ల విషయంలో ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది చదవరు. షార్ట్ సర్క్యూట్, ఆర్కింగ్, తనంతట తాను వేడెక్కడం, కరెంటు లీకేజీ, ఓవర్‌రన్నింగ్ వల్ల ఏ యంత్రం పాడైందో ఆ యంత్రానికి పరిహారం రాదు. పిడుగు వల్ల వచ్చిన షార్ట్ అయినా అంతే. దాన్నుంచి మంట లేచి పక్క మెషినో, షెడ్డు కప్పో కాలితే వాటికి మాత్రం వస్తుంది. అంటే మెయిన్ ప్యానెల్‌లో బస్‌బార్ షార్ట్ అయి, ప్యానెల్ మాడి, పక్కనున్న రాక్‌లో ముడిసరుకు కాలిపోతే సరుకుకి డబ్బు వస్తుంది, ప్యానెల్‌కి రాదు. "మంట వచ్చింది కదా, మరి ఇదెందుకు ఇవ్వరు?" అనే గొడవ ఇక్కడే మొదలవుతుంది. కాబట్టి ఫైర్ పాలసీ ఒక్కటే ఉంటే మోటార్లు, ప్యానెళ్లు, డ్రైవ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి నుంచి కాలిపోయే ప్రమాదానికి ఏ రక్షణా లేనట్టే.

మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ ఇచ్చేదేమిటి

ఇది ఫైర్ పాలసీ వదిలేసిన చోట మొదలవుతుంది. ఊహించని విధంగా, ఉన్నట్టుండి యంత్రానికి జరిగిన భౌతిక నష్టం దీని పరిధి. మెషిన్ నడుస్తున్నా, ఆగి ఉన్నా, శుభ్రం చేయడానికి విప్పినా, అదే ఆవరణలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతున్నా వర్తిస్తుంది. షార్ట్ సర్క్యూట్, వోల్టేజీ ఎగదన్నడం, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఆపరేటర్ పొరపాటు ఇవన్నీ అందులోకి వస్తాయి. ఆపరేటర్ ఆఫ్‌సెట్ తప్పు కొట్టి టూల్‌ని ఫిక్స్‌చర్‌కి గుద్దేస్తే అది అజాగ్రత్తే కావచ్చు, అయినా క్లెయిమ్ నిలుస్తుంది. కావాలని చేసిన నిర్లక్ష్యానికి, మితిమీరిన అజాగ్రత్తకే మినహాయింపు. మంటలు, వరద లాంటివి దీనిలో రావు, అవి ఫైర్ పాలసీ పని. టూల్ బిట్లు, డైలు, బెల్టులు, ఆయిళ్లు రావు. మెషిన్ ఆగినన్ని రోజులు పోయిన జాబ్‌వర్క్ ఆదాయం కూడా రాదు, దానికి వేరే పాలసీ ఉంది.

కంప్యూటర్లు, సర్వర్, యూపీఎస్, కొలతల మెషిన్ లాంటివి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీలో పెట్టొచ్చు. దాని ప్రత్యేకత ఏమిటంటే మంట, వరద, దొంగతనం కూడా అందులోనే ఉంటాయి. అయితే మోటార్లు, ప్యానెళ్లు దాని కిందికి రావు. సీఎన్‌సీ కంట్రోలర్‌ని మెషిన్‌లో భాగంగానే చూస్తారు. దాన్ని విడదీసి రెండు పాలసీల్లో పెడదామనుకుంటే ముందే కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి, లేకపోతే క్లెయిమ్ రోజున రెండు పాలసీలూ ఒకదాని వైపు ఒకటి చూపిస్తాయి.

అరుగుదల మినహాయింపు: అసలు చిక్కు ఇక్కడే

మామూలు వాడకం వల్ల యంత్రంలోని ఏ భాగమైనా అరిగితే, తుప్పు పడితే, పగుళ్లు నెమ్మదిగా పెరిగితే ఆ భాగానికి పాలసీ డబ్బు ఇవ్వదు. ఇది న్యాయమే. బేరింగ్‌కి ఆయుష్షు ఉంటుంది, అది తీరాక మార్చుకోవడం నిర్వహణ ఖర్చు. కానీ అరిగిన బేరింగ్ ఒక్కసారిగా పట్టేసి షాఫ్ట్‌ని గీసేసి, స్పిండిల్ డ్రైవ్‌ని కూడా కాల్చేస్తే? షాఫ్ట్ అరగలేదు, డ్రైవ్ అరగలేదు. అవి ఆ క్షణంలో పాడయ్యాయి.

ఇక్కడ పాలసీలో వాక్యం ఎలా ఉందన్నదే తేల్చుతుంది. కొన్నిటిలో "ఏ భాగమైనా అరిగిపోవడం" మినహాయింపు అని ఉంటుంది. అలా ఉంటే బేరింగ్ ఖర్చు మీది, షాఫ్ట్, డ్రైవ్ గురించి గట్టిగా అడిగే హక్కు మీకుంటుంది. కొన్నిటిలో "అరుగుదల వల్ల కలిగే నష్టం" అని ఉంటుంది. అప్పుడు బేరింగ్ అరిగిందని తేలగానే దాని వెనక వచ్చినదంతా కొట్టేసే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. ప్రీమియంలో వెయ్యి రూపాయల తేడా కోసం బేరమాడే బదులు ఈ ఒక్క వాక్యం చదవడం మేలని నా అభిప్రాయం.

ఒక లెక్క వేసి చూద్దాం. వీఎంసీ అనే ఒక రకం సీఎన్‌సీ మెషిన్ స్పిండిల్ పట్టేసింది. బేరింగ్ సెట్ 1,10,000, షాఫ్ట్, రోటర్ పని 1,60,000, డ్రైవ్ మాడ్యూల్ 1,50,000, విప్పి బిగించడానికి 60,000. మొత్తం 4,80,000. పాత విడిభాగాల తుక్కు విలువ 10,000. పాలసీలో ప్రతి క్లెయిమ్‌కీ మన వాటాగా భరించాల్సింది 40,000 అనుకుందాం.

కారణం టూల్ గుద్దుకోవడమైతే తుక్కు, మన వాటా పోగా 4,30,000 వస్తుంది. కారణం అరిగిన బేరింగ్ అయి, వాక్యం మొదటి రకమైతే బేరింగ్ డబ్బు పోతుంది, మిగిలేది 3,20,000. విప్పిన కూలిలో కూడా కొంత, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ తగ్గించవచ్చు. వాక్యం రెండో రకమైతే సున్నా కావచ్చు.

ఇంకో గొయ్యి ఉంది. ఈ మెషిన్ అదే రకం కొత్తది ఇవాళ 40 లక్షలు. యజమాని ఆడిటర్ పుస్తకాల్లో తరుగుదల పోగా మిగిలిన 20 లక్షలకే బీమా చేశారు. ఈ పాలసీలో బీమా మొత్తం కొత్త మెషిన్ ధర, రవాణా, కస్టమ్స్ సుంకం, బిగింపు ఖర్చుతో కలిపి ఉండాలి. సగానికి చేస్తే క్లెయిమ్ కూడా సగమే. టూల్ గుద్దుకున్న కేసులో కూడా 4,70,000లో సగం 2,35,000, అందులోంచి 40,000 పోతే 1,95,000 మాత్రమే. క్లెయిమ్ డబ్బు తగ్గడానికి అరుగుదల కారణం అనుకుంటారు గానీ, చాలాసార్లు దెబ్బ కొట్టేది ఈ తక్కువ బీమానే.

సర్వేయర్ ఏం చూస్తాడు

కారణం పాడైన భాగంలోనే రాసి ఉంటుంది. విరిగిన షాఫ్ట్ ముఖం మీద అలల్లాంటి గీతలు ఉంటే పగులు చాలా కాలంగా పెరుగుతోందని అర్థం. అవేమీ లేకుండా గరుకుగా తెగి ఉంటే ఒక్క దెబ్బకే విరిగినట్టు. బేరింగ్ ట్రాక్‌లో ఒకే చోట బాల్స్ దూరానికి తగ్గట్టు నొక్కులుంటే గుద్దుకున్న గుర్తు. ట్రాక్ చుట్టూ పెచ్చులు లేచి ఉంటే అరుగుదల వైపే మొగ్గుతాడు.

మోటారు వైండింగ్ కూడా చెబుతుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిల్స్ మాడి మూడోది బాగుంటే, లేదా డెల్టాలో ఒక ఫేజే మాడితే, సింగిల్ ఫేజింగ్ జరిగినట్టు, అంటే ఒక ఫేజు పోయి మోటారు మిగిలిన రెంటి మీదే నడిచినట్టు. అది ఉన్నట్టుండి వచ్చిన ప్రమాదమే, క్లెయిమ్‌కి బలం. మూడు ఫేజులూ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడ్ అనో, చాలాకాలం వేడికి ఇన్సులేషన్ పోయిందనో అంటాడు. అందుకే మోటారు కాలగానే వైండింగ్ షాపుకి పంపకూడదు. వాళ్లు పాత కాయిల్స్ కాల్చి తీసేస్తారు, దాంతో సాక్ష్యం కూడా పోతుంది. ముందు కంపెనీకి తెలియజేసి, నేమ్‌ప్లేట్‌తో సహా ఫొటోలు తీసి, పాడైన భాగాలు అలాగే ఉంచాలి. సీఎన్‌సీ స్క్రీన్ మీద అలారం హిస్టరీని కూడా ఫొటో తీసుకోవాలి, ఏ సమయంలో ఏ అలారం వచ్చిందో అదే చెబుతుంది. కొన్ని పాలసీల్లో రీవైండింగ్‌కి వైండింగ్ వయసును బట్టి తరుగుదల కోస్తారు, ఆ షరతు ఉందో లేదో చూసుకోవాలి.

లాగ్‌బుక్ రెండు వైపులా పదునున్న కత్తి. గ్రీజింగ్, చిల్లర్ శుభ్రం, వైబ్రేషన్ రీడింగులు సమయానికి రాసి ఉంటే నిర్వహణ బాగుందని రుజువు. "స్పిండిల్ శబ్దం వస్తోంది" అని రెండు నెలలుగా రాసి, ఏమీ చేయకుండా మెషిన్ నడిపితే అది తెలిసిన లోపం అవుతుంది, క్లెయిమ్ కష్టం. అలాగని శబ్దం రాయడం మానేయమని కాదు. రాసిన రోజే మెషిన్ ఆపి, చూపించి, చేసిన పని కూడా దాని కిందే రాయాలి. పాడైన మెషిన్‌ని తాత్కాలికంగా అతికించి నడిపినా ఆ తర్వాత జరిగే నష్టానికి పాలసీ బాధ్యత తప్పుకుంటుంది.

మరి ఏఎంసీ చాలదా?

ఏఎంసీ చేసేది సరిగ్గా పాలసీ వదిలేసిన పని. విడిభాగాలతో సహా ఉండే కాంప్రహెన్సివ్ ఒప్పందమైతే అరిగిన బేరింగ్ కూడా మార్చిపెడతారు. కానీ గుద్దుకోవడం, వోల్టేజీ తేడా, ఎలుక కొరికిన వైరు లాంటివి ఏఎంసీలో సాధారణంగా ఉండవు. కాబట్టి రెంటిలో ఒకటి ఎంచుకోవడం అన్న ప్రశ్నే కొంచెం తప్పు. ఎలక్ట్రానిక్ పాలసీలో అయితే ఏఎంసీ అమల్లో ఉండాలని షరతు కూడా తరచుగా పెడతారు.

నాకు తోచిన ఏర్పాటు ఇది. ఒక్క రిపేరు బిల్లు నెల టర్నోవర్‌ని కుదిపేసే సీఎన్‌సీ మెషిన్లు, పెద్ద కంప్రెసర్, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ ప్యానెల్‌కి పూర్తి కొత్త ధరకు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ. పాత లేత్‌లు, డ్రిల్లింగ్ మెషిన్లు, చిన్న మోటార్లకు వద్దు. వాటి రిపేరు బిల్లు మన వాటా మొత్తం దాటితే గొప్ప, దాని కోసం ఏటా ప్రీమియం దండగ. కొన్ని కంపెనీలు మంచి మెషిన్లను వదిలి రిస్కు ఉన్నవే ఇస్తున్నారని ఒప్పుకోవు, అన్నీ పెట్టమంటాయి. అప్పుడు ఇంకో కంపెనీ కొటేషన్ తీసుకోవాలి. చాలా పాతబడ్డ మెషిన్‌కి మాత్రం ఈ పాలసీ నేను సిఫారసు చేయను. రిపేరు ఖర్చు ఆ మెషిన్ ప్రస్తుత విలువను అందుకుంటే పూర్తి నష్టంగా లెక్కేసి, తరుగుదల పోగా మిగిలిన విలువే ఇస్తారు. బీమా మాత్రం కొత్త ధరకు కట్టి ఉంటాం. ఆ ప్రీమియం రిపేరు నిధిలో వేసుకోవడమే నయం.

ఇక జీఎస్‌టీ సంగతి. కొనేటప్పుడు కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకునే యూనిట్ అయితే రిపేరు బిల్లులోని జీఎస్‌టీ క్లెయిమ్‌లో రాదు, కాబట్టి బీమా మొత్తం కూడా జీఎస్‌టీ లేకుండా వేసుకోవచ్చు. క్రెడిట్ తీసుకోని కాంపోజిషన్ యూనిట్ అయితే పన్నుతో కలిపే వేయాలి. రెన్యూవల్ నోటీసు వచ్చినప్పుడు ఏజెంటుకి ఈ సంగతి, దానితో పాటు అరుగుదల వాక్యం పూర్తి పాఠం పంపమని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్న మాట సర్వేయర్ ముందు చెల్లదు.