ఎస్సెమ్మెస్ ఓటీపీ మానేసి అథెంటికేటర్‌కి మారాక: చాలాకాలం వాడి చెబుతున్న మాట

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో సిమ్ సిగ్నల్ ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. ఆఫీసు గదిలో వైఫై ఉంటుంది, జీమెయిల్ ఓటీపీ మాత్రం గేటు దాటాకే మోగుతుంది. నేను మారడానికి మొదటి కారణం అదే. అథెంటికేటర్ యాప్‌కి సిగ్నలూ నెట్టూ అక్కర్లేదు. మొదట్లో స్కాన్ చేసిన క్యూఆర్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. ఆ కీనీ, ఫోన్‌లోని టైమునీ కలిపి 30 సెకన్లకోసారి కొత్త 6 అంకెలు తయారుచేస్తుంది. ఎవరైనా మన నంబరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకున్నా ఆ అంకెలు వాళ్లకి చేరవు.

మా గుమాస్తాకి మాత్రం ఎన్నిసార్లు కొట్టినా కోడ్ తప్పనే వచ్చేది. చూస్తే, పొద్దున్నే యార్డుకి లేటవకూడదని ఫోన్ టైము నాలుగు నిమిషాలు ముందుకి పెట్టుకున్నాడు! టైము ఆటోమేటిక్‌కి మార్చగానే సరిపోయింది.

అసలు సంగతి వేరే ఉంది. యాప్ పెట్టినంత మాత్రాన ఎస్సెమ్మెస్ దారి మూసుకుపోదు. లాగిన్ అయ్యేటప్పుడు Try another way నొక్కి చూశాను, నంబరుకి కోడ్ పంపమంటారా అని నింపాదిగా అడిగింది. అంటే సిమ్ దొంగకి యాప్‌తో పనే లేదు. గూగుల్ ఖాతాలో 2-Step Verification పేజీకి వెళ్లి, అక్కడున్న నంబరుని మనమే తీసేయాలి. తీసేముందు Backup codes ప్రింటు తీసుకోండి. పది కోడ్లు ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. Recovery phone అని, ఖాతా తెరవలేకపోతే తిరిగి పొందడానికి ఇచ్చే నంబరు వేరే చోట ఉంటుంది, దాన్నీ చూడండి. మాదాంట్లో నాన్నగారి పాత నంబరు ఉంది, రీఛార్జి ఎప్పుడో ఆపేశాం. మూసేసిన నంబరుని 90 రోజులు దాటాక వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు కాబట్టి వెంటనే తీసేశాను.

ఫోన్ మార్చేటప్పుడు ఇంకో చిక్కు. గూగుల్ అథెంటికేటర్‌లో కోడ్లు గూగుల్ ఖాతాకి సింక్ అవుతాయి, హాయే. కానీ ఫోన్ పోయి కొత్తదానిలో ఆ ఖాతాలోకి వెళ్లాలంటే కోడ్ అడగొచ్చు, ఆ కోడేమో ఖాతాలోపలే ఉంటుంది. అందుకే ఆ పది కోడ్ల కాగితం బీరువాలో ఉంది. పైగా సెటప్ అప్పుడు అదే క్యూఆర్‌ని మా ఆవిడ ఫోన్‌తో కూడా స్కాన్ చేయించాను. రెండు ఫోన్లలో ఒకే అంకెలు వస్తాయి.

ఇది ఆపలేనిదీ ఒకటుంది. నకిలీ లాగిన్ పేజీలో ఆ 6 అంకెలూ మీరే కొడితే, గడువు తీరేలోపు అవతలివాడు వాడేసుకుంటాడు. మా బ్యాంకు ఇప్పటికీ ఎస్సెమ్మెస్ కోడే పంపుతోంది, యూపీఐ కూడా నంబరుకే ముడిపడి ఉంది. కాబట్టి ఆ సిమ్‌కి రీఛార్జి ఆపే ఉద్దేశం నాకు లేదు.