పది నిమిషాల్లో రిజెక్షన్ ఒకవైపు, మౌనం ఇంకోవైపు

కావలిలో మా పిన్ని కొడుకు జావా ఉద్యోగాలకు 30 అప్లికేషన్లు పెట్టాడు. ఆరింటికి రాత్రి పదకొండింటప్పుడు, పది నిమిషాల్లోనే రిజెక్షన్ మెయిల్ వచ్చింది. ఆ వేళ రెజ్యూమె చదివే మనిషెవరు? ఫారం చూసి కంప్యూటరే తిప్పి పంపి ఉంటుంది. ఆ ఆరు ఫారాల్లోనూ నోటీసు పీరియడ్ 90 రోజులని నింపాడు, బహుశా అక్కడే ఆగింది. వాడేమో ఫాంటు మారుద్దామా అంటాడు! నోటీసు తగ్గుతుందేమో ఆఫీసులో అడగమన్నాను.

మౌనం వేరు. ఒకటిరెండు చోట్లయితే పోస్టు నిండిపోయి ఉండొచ్చు. అర్హత సరిపోయిన 24 చోట్లా అదే అంటే మొదటి అర పేజీని అనుమానించాలి. వాడిది పైన ‘కష్టపడే స్వభావం’ అంటూ నాలుగు లైన్లు, వాళ్లడిగిన జావా టూల్ స్ప్రింగ్ బూట్ రెండో పేజీలో. అదొక్కటే పైకి తెచ్చి ఇంకో పదిహేను పెట్టాడు, రెండు ఫోన్లు వచ్చాయి. ఫోన్లో మాట్లాడాక వాళ్లు మౌనంగా ఉంటే మాత్రం రెజ్యూమె ముట్టుకోవద్దన్నాను, దాని పని అయిపోయింది.