మాడ్యూల్‌ని ఒక్క పేజీ చేసేటప్పుడు ఎడమ గడిలో కీవర్డ్ మేలా, ప్రశ్న మేలా, అసలు వర్డ్‌లో కొట్టుకుంటే పోలా?

"అక్కా, మాడ్యూల్ మొత్తం ఒక్క పేజీలోకి ఎలా తేవాలి" అని ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు నర్సింగ్ చదివే మన తెలుగు పిల్లలు ఇంటర్నల్స్ ముందు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళకి కార్నెల్ పద్ధతి పేరు ఎలాగూ తెలుసు, వీడియోలు చూసేసి ఉంటారు, పేజీని ఎడమ గడి, కుడి గడి, కింద సారాంశం గడి అని మూడు గళ్ళు చేసి స్కేలు పెట్టి గీతలు కూడా గీసేసి ఉంటారు. గీతల దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు, ఆ ఎడమ గడిలో ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నదగ్గరే పేజీ పనికొస్తుందా లేదా తేలిపోద్ది.

ముందు ఒక సంగతి. ఈ పద్ధతి 1950లలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన పెట్టింది, క్లాసులో లెక్చర్ వింటూ రాసుకునే పిల్లల కోసం. లెక్చర్‌లో మాస్టారు మనకోసం ఆగరు కాబట్టి కుడి గడి ముందు నిండుతుంది, ఇంటికెళ్ళాక ఎడమ గడి నింపుతాం, ఆఖర్న కింద సారాంశం. మాడ్యూల్ అలా కాదు కదా, విషయమంతా అచ్చయ్యే ఉంది, ఎక్కడికీ పారిపోదు. అయినా చాలామంది అదే వరసలో, కుడి గడితోనే మొదలెడతారు, అంటే అచ్చులో ఉన్నదాన్ని చేత్తో మళ్ళీ కాపీ కొడతారు. సగం శ్రమ అక్కడే వృథా అవుతుంది.

చోటు కూడా చూసుకోండి. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. నిలువుగా మూడు మడతలు పెడితే మడతకి 7 వస్తుంది, ఎడమ మడత గుర్తుచేసే మాటలు రాసే క్యూ గడి, మిగతా రెండూ నోట్స్ గడి, స్కేలు కూడా అక్కర్లేదు. కింద 5 సెంటీమీటర్లు సారాంశానికి, పైన రెండు వేళ్ళంత మాడ్యూల్ పేరుకి వదిలితే నోట్స్ గడిలో మామూలు చేతిరాతతో ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో లైన్లు పడతాయి. మొత్తం మీద రెండొందల మాటలు అనుకోండి. పది పేజీల మాడ్యూల్‌లో రెండు మూడు వేల మాటలుంటాయి. కుదించి కుదించి ఇరికించడం జరిగే పని కాదు, ఏది ఉంచాలి ఏది వదలాలి అని తేల్చుకోవాల్సిందే, ఆ తేల్చేది ఎడమ గడే.

మాటల్లో చెప్తే అర్థం కాదు గానీ ఒక మాడ్యూల్ పట్టుకుందాం, జబ్బు పడ్డ చిన్నపిల్లల్ని ఎలా చూడాలో నేర్పే ఐఎమ్‌ఎన్‌సీఐలో రెండు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల విరేచనాల భాగం. మన కోరాపుట్, రాయగడ పల్లెల్లో వానాకాలం పోస్టింగ్ పడితే రోజూ చేతిలోకి వచ్చేదే.

కీవర్డ్ పద్ధతిలో చేసిన పేజీ ఇలా ఉంటుంది. ఎడమ పక్క "డీహైడ్రేషన్ సైన్స్", "ప్లాన్ బీ", "జింక్", "ఓఆర్‌ఎస్" అని పై నుంచి కింద దాకా మాటలు, కుడి పక్క వాటి వివరాలు. చూడ్డానికి బలే ఉంటుంది, గంటలో అయిపోతుంది, హైలైటర్ కూడా పూస్తే ఇంకా బాగుంటుంది. చిక్కెక్కడంటే కుడి పక్క కప్పి చదువుకునేటప్పుడు. "జింక్" అని చూస్తాం, ఆ తెలుసులే జింక్ ఇవ్వాలి అనుకుని కిందకి జారిపోతాం. ఎంత, ఎన్ని రోజులు, ఏ వయసుకి సగం బిళ్ళ అని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆ మాటని గుర్తుపట్టాం అంతే, అది జవాబు గుర్తున్నట్టు అనిపిస్తుంది.

ప్రశ్నల పద్ధతిలో వరస తిరగేస్తాం. మాడ్యూల్ ఒకసారి నిమ్మళంగా చదివి, తెరిచి పెట్టుకునే ఎడమ గడిలో ప్రశ్నలు రాయాలి, ఆరు నుంచి ఎనిమిది దాకా, అంతకు మించితే కుడి పక్క జవాబుకి మూడు లైన్లు మించి మిగలవు. తర్వాత మాడ్యూల్ మూసేసి, ఒక్కో ప్రశ్నకి తెలిసినంత పెన్సిల్‌తో కుడి గడిలో రాయాలి. అప్పుడు తెరిచి, తప్పులూ ఖాళీలూ పెన్‌తో సరిచెయ్యాలి. పెన్ ఎక్కడ ఎక్కువ పడిందో మళ్ళీ చదవాల్సింది అక్కడే, వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మన మాడ్యూల్‌కి ప్రశ్నలు ఇలా పడతాయి. "నీళ్ళు గబగబా ఆత్రంగా తాగే బిడ్డ డీహైడ్రేషన్‌లో ఏ క్లాసు, అసలు తాగలేని బిడ్డ ఏ క్లాసు?" దీనికి కుడి పక్క: చిరాకుగా ఉండటం, కళ్ళు లోపలికి పోవడం, ఆత్రంగా తాగడం, చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం, ఈ నాలుగులో రెండు ఉంటే కొంత డీహైడ్రేషన్, ప్లాన్ బీ. మగతగా గానీ స్పృహ లేకుండా గానీ ఉండటం, కళ్ళు లోపలికి పోవడం, తాగలేకపోవడం, చర్మం వెనక్కి పోవడానికి 2 సెకన్లు దాటడం, వీటిలో రెండు ఉంటే తీవ్రం, ప్లాన్ సీ. కళ్ళు రెండు వరసల్లోనూ ఉన్నాయి చూడండి, అంటే కళ్ళని బట్టి ఈ రెండు క్లాసులూ విడదియ్యలేం, బిడ్డ చిరాకుగా ఉన్నాడా మగతగా ఉన్నాడా అన్నదాన్నీ, తాగడాన్నీ, చర్మాన్నీ బట్టే విడదియ్యాలి. "డీహైడ్రేషన్ సైన్స్" అని కీవర్డ్ రాసుకుంటే ఈ ముక్క కంటికి ఆనదు, ఎందుకంటే అక్కడ రెండు క్లాసుల్నీ పక్కపక్కన పెట్టి చూడమని ఎవరూ అడగట్లేదు.

ఇంకోటి: "8 కిలోల బిడ్డకి ప్లాన్ బీలో ఎంత ఓఆర్‌ఎస్, ఎంత సేపట్లో?" కిలోకి 75 మిల్లీలీటర్లు, అంటే 600, నాలుగు గంటల్లో, ఆ తర్వాత మళ్ళీ చూసి క్లాసు మార్చాలి. "ప్లాన్ బీ అంటే ఏంటి" అని రాసుంటే లెక్క చెయ్యకుండానే తప్పించుకుంటాం. మూడోది: "జింక్ బిళ్ళ సగం ఎవరికి, మొత్తం ఎవరికి, విరేచనాలు ఆగిపోతే ఆపెయ్యొచ్చా?" రెండు నుంచి ఆరు నెలల లోపు సగం బిళ్ళ, 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే మొత్తం, 20, ఆగిపోయినా సరే 14 రోజులూ ఇవ్వాలి. ఈ ఆఖరి ముక్క పరీక్షలోనూ వస్తుంది, ఊళ్ళో తల్లులూ అడుగుతారు.

ప్రశ్నల్లోనూ చెడ్డవి ఉంటాయి. "జింక్ 14 రోజులు ఇవ్వాలా?" అంటే జవాబు అందులోనే ఉంది, అవునని తల ఊపేస్తాం. "విరేచనాల గురించి వివరించు" అంటే మాడ్యూల్ మొత్తం చెప్పాలి, ఎక్కడ మొదలెట్టాలో తెలీక వదిలేస్తాం. మంచిదో కాదో చూడాలంటే ఎడమ గడి ఒక్కటే రూమ్మేట్‌కి చూపించి "ఇందులో ఏం అడుగుతున్నానో చెప్పు" అనండి, తను చెప్పలేకపోతే రెండు వారాల తర్వాత మీకూ అర్థం కాదు.

అయితే ప్రశ్నల పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుంది, అబద్ధం ఎందుకు, కీవర్డ్‌కి గంట అయితే దీనికి రెండు ఈజీగా. పైగా పొద్దున్నే పరీక్ష పెట్టుకుని రాత్రి మొదలెడితే తేడా ఏం కనిపించదు. 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు పిల్లలకి పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ చదవమని, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమని చూశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్ళకి సుమారు 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళకి 42. కాబట్టి రేపే పరీక్ష అంటే కీవర్డ్ పేజీ చేసుకోండి, తప్పేం లేదు, వారం పైన టైమ్ ఉంటే మాత్రం నా ఓటు ప్రశ్నలకే.

ఇక వర్డ్. రెండు కాలమ్‌ల టేబుల్ పెట్టి కింద వరసలో రెండు సెల్స్ మెర్జ్ చేస్తే లేఅవుట్ రెండు నిమిషాల పని. కానీ పీడీఎఫ్ నుంచి కాపీ పేస్ట్ చేతికి అందుతూ ఉంటుంది, కుడి గడి దానంతటదే పొడుగైపోతుంది, సారాంశం రెండో పేజీకి జారుతుంది, అప్పుడు ఫాంట్ 8కి దించుతారు, అది ప్రింట్ తీస్తే చీమలబారు. రో హైట్‌ని "ఎగ్జాక్ట్లీ" అని పెట్టి లాక్ చేస్తే గడి పెరగదు, ఎక్కువైన లైన్లు కనిపించకుండా పోతాయి, అప్పుడైనా కొయ్యాలని గుర్తొస్తుంది. ఇంకో తలనొప్పి ఫోను. రెండు కాలమ్‌ల పేజీ ఫోన్లో తెరిస్తే జూమ్ చేసి అటూ ఇటూ జరపాల్సిందే, కుడి పక్క చేత్తో కప్పుకునే వీలు ఉండదు, అది లేకపోతే ఈ లేఅవుట్‌కి అర్థమే లేదు. వర్డ్ మేలయ్యేది ఒక్కచోటే, గైడ్‌లైన్స్ మారి అంకెలు మార్చాల్సి వచ్చే మాడ్యూళ్ళకి. లేదా ఎడమ గడి ప్రశ్నలు మాత్రం టైప్ చేసి కుడి పక్క ఖాళీగా ప్రింట్ తీసి, ఒక్కొక్కరికి ఒక్కో జిరాక్స్ ఇచ్చి చేత్తో నింపమంటే బాగా నడుస్తుంది, మా బ్యాచ్‌లో ఇలాగే చేసేవాళ్ళం.

సారాంశం గడిని అందరూ చిన్నచూపు చూస్తారు. పైన ఉన్న హెడింగులే మళ్ళీ రాసేస్తారు, "ఈ మాడ్యూల్‌లో డీహైడ్రేషన్, ప్లాన్‌లు, జింక్ గురించి ఉంది" అని, అది విషయసూచిక అవుద్ది గానీ సారాంశం కాదు. మర్నాడు, పేజీ తిప్పి పెట్టి, వేరే కాగితం మీద మూడు నాలుగు వాక్యాలు రాసి అప్పుడు ఎక్కించండి. మన మాడ్యూల్‌కైతే: బిడ్డ చిరాకుగా ఉన్నాడా మగతగా ఉన్నాడా, తాగుతున్నాడా లేదా, చర్మం ఎంతసేపట్లో వెనక్కి పోతోంది అన్నవి చూసి క్లాసు తేలుస్తాం, క్లాసుని బట్టి నీళ్ళు ఎక్కడ, ఎంత వేగంగా ఇవ్వాలో తేలుతుంది, ఏ క్లాసైనా జింక్ మాత్రం 14 రోజులు, 14 రోజులు గానీ ఆ పైన గానీ సాగే విరేచనాలూ, రక్తం పడటం వేరే వరసలో చూడాలి. ఇందులో ఒకదాన్నుంచి ఒకటి ఎలా వస్తుందో ఉంది, కావలసింది అదే.

భాష గురించి కూడా అడుగుతారు, ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, పరీక్ష ఇంగ్లీషు అయితే ఏ భాషలో రాయాలి అని. ప్రశ్న ఏ భాషలో ఎదురొస్తుందో ఎడమ గడి ఆ భాషలోనే పెట్టుకోండి, కుడి గడిలో మీకు వచ్చినట్టు కలిపి రాసుకోండి. పోస్టింగ్‌లో ఉన్నవాళ్ళు తల్లిని అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఒడియాలో ఒక వరస రాసుకుంటే పనికొస్తుంది.

ప్లాన్ సీ లాంటివి ఈ పేజీలోకి తేవద్దు. రింగర్ లాక్టేట్, అది లేకపోతే నార్మల్ సెలైన్, కిలోకి 100 మిల్లీలీటర్ల చొప్పున నరంలోకి రెండు విడతలుగా, ఏడాది లోపు బిడ్డకి ఒక టైము, పైబడినవాళ్ళకి ఇంకో టైము చొప్పున ఇచ్చే పట్టిక అది, ప్రశ్నలుగా ముక్కలు చేస్తే అంకెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దాన్ని పట్టికగానే పేజీ వెనకాల గీసుకుని, అంకెల గళ్ళు ఖాళీగా వదిలి, పెన్సిల్‌తో నింపడం చెరపడం చేస్తుండండి.